‘అలాగే సార్’ అన్నాక ఏం జరుగుతుంది? గ్రో పద్ధతిలో ఒక సేల్స్‌మన్‌తో గంటసేపు

ఒడిశాలోని రాయగడలో మేం బిస్కెట్లు, సబ్బులు, టీపొడి పంచే ఒక చిన్న ఏజెన్సీ నడుపుతున్నాం. ఈ ఊళ్లో వ్యాపారం సగం తెలుగులో, సగం ఒడియాలో సాగుతుంది. గుణుపురం వైపు వెళ్తే తెలుగు ఎక్కువ, మునిగుడ వైపు వెళ్తే ఒడియా ఎక్కువ, సంతల్లోకి దిగితే కువి, కుయి అనే గిరిజన భాషల మాటలు కూడా చెవిన పడతాయి. మా సేల్స్‌మన్ ఒక్కొక్కరికి ఆరు బీట్లు, అంటే వారంలో ఆరు రోజులకు ఆరు దారులు. ఈ వారం సరుకు ఇచ్చిన కొట్టుకు వచ్చే వారం మళ్లీ వెళ్తారు. పాత బిల్లు డబ్బు తీసుకుని కొత్త ఆర్డర్ రాసుకుంటారు. లెక్క అంతే.

ఆ లెక్క ఒక కుర్రాడి దగ్గర మూడు నెలలుగా తప్పుతోంది. ఐదేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు, పని వచ్చినవాడు, డబ్బు దగ్గర నిక్కచ్చి. అయినా గడువు దాటి ఇరవై ఒక్క రోజులైన బాకీ 1,86,000 రూపాయలకు చేరింది. ఇంతకుముందు రెండుసార్లు పిలిచి చెప్పాను. రెండుసార్లూ ‘అలాగే సార్’ అన్నాడు. బాకీ మాత్రం కదల్లేదు.

మూడోసారి చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. దానికి వాడిందే గ్రో అనే కోచింగ్ పద్ధతి, అంటే మనం దారి చెప్పకుండా, ప్రశ్నలు వేస్తూ మనిషే తన దారి వెతుక్కునేలా చేయడం. 1980లలో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. గ్రాహం అలెగ్జాండర్, అలన్ ఫైన్, జాన్ విట్‌మోర్ అనే ముగ్గురి పేర్లు దీనితో ముడిపడి ఉంటాయి. విట్‌మోర్ అంతకుముందు కారు రేసులు నడిపినవాడు. 1992లో ఆయన రాసిన పుస్తకంతో ఇది ఊరూరా తెలిసింది. నాలుగు మెట్లు: గోల్ అంటే ఏం కావాలి, రియాలిటీ అంటే ఇప్పుడు ఎక్కడున్నాం, ఆప్షన్స్ అంటే ఏయే దారులున్నాయి, విల్ అంటే ఇందులో ఏది, ఎప్పుడు చేస్తావు. ట్రైనింగుల్లో దీన్ని నిచ్చెనలా గీసి చూపిస్తారు. చూడ్డానికి ఎంత తేలికంటే, ఒక ఫారం అచ్చువేసి నాలుగు గళ్లు నింపేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే నింపించాను. అది ఎందుకు పని చేయలేదో ఈ ఒక్క మాటామంతీ వెంట వెళ్తే తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. పని అసలు రాని కొత్తవాడికి ఈ ప్రశ్నలు వేస్తే వేధించినట్టే. లెడ్జర్ చూడటం రానివాడిని ‘నీకు ఏ దారులు కనిపిస్తున్నాయి’ అని అడిగి లాభం లేదు, పక్కన కూర్చోబెట్టి నేర్పాలి. వసూలు చేసిన డబ్బు గల్లాకు రాకపోతే అది విచారణ, కోచింగ్ కాదు. ఇక్కడ మనిషికి పని వచ్చు, చేయాలనే ఉంది, ఎక్కడో పట్టేసింది. గ్రో పనికొచ్చేది ఇలాంటి చోటే.

గోల్ దగ్గర నా మొదటి ప్రశ్న: “ఈ గంట అయ్యేసరికి మన చేతిలో ఏం ఉంటే బాగుంటుంది?” నెలాఖరు గోల్ వేరు, ఈ గంట గోల్ వేరు. చాలామంది ఈ రెండోది అడగరు. మాట ఎటో వెళ్లిపోయి టీలతో ముగిసేది అందుకే.

“బాకీ తగ్గాలి సార్” అన్నాడు.

అది గోల్ కాదు, కోరిక. నేను కోరుకున్నదే వాడు నాకు తిరిగి వినిపించాడు. అందుకని ఇంకొన్ని అడిగాను. “నీకు ఎంత వరకు తగ్గితే తగ్గినట్టు?” “ఎప్పటికి?” “తగ్గిందని నాకంటే ముందు నీకు ఎలా తెలుస్తుంది?” “తగ్గితే నీ రోజులో ఏం మారుతుంది?” చివరి ప్రశ్నకు కాసేపు ఆగి చెప్పాడు. “సాయంత్రం లెక్క ఇచ్చినప్పుడు మీ మొహం చూడకుండా పోవాలనిపిస్తంది సార్. అది పోతాది.” కంపెనీ గోల్‌కు వాడి సొంత గోల్ అప్పుడు అతుక్కుంది. నెల తిరిగేసరికి అరవై వేలకు దించాలని అంకె కూడా వాడే చెప్పాడు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. డబ్బు ఇవ్వడం కొట్టువాడి చేతిలో ఉంది, సేల్స్‌మన్ చేతిలో లేదు. అరవై వేలు అనేది చివరి ఫలితం. దాని కింద వాడి చేతిలో ఉన్న పని ఒకటి ఉండాలి. ఏ రోజు వెళ్లాలి, ఆర్డర్ పుస్తకం తెరిచే ముందే పాత బిల్లు అడగాలా, ఎవరికి కొత్త సరుకు ఆపాలి, ఇలాంటివి. ఆ పని గోల్ ఏమిటో మొదటి పది నిమిషాల్లో మాకిద్దరికీ తెలియదు. తెలియదని ఒప్పుకుని ముందుకు వెళ్లాం. గోల్ గడి ఖాళీగా ఉన్నా పరవాలేదు, మళ్లీ వెనక్కి వచ్చి రాసుకోవచ్చు.

గంటలో సగం రియాలిటీ మీదే గడిచింది, గడవాలి కూడా. ఇక్కడ బాసులందరం చేసే తప్పు ‘ఎందుకు’. “ఎందుకు వసూలు కాలేదు?” అని అడిగితే తెలుగులో అది ప్రశ్న కాదు, తిట్టు. దానికి వచ్చేది జవాబు కాదు, సాకు. వర్షాలు, పండగలు, ‘మార్కెట్ బాలేదు సార్’. ఎందుకు బదులు ఎంత, ఎప్పుడు, ఎవరు, ఎక్కడ అని అడిగితే మనిషి తనను కాపాడుకోవడం మానేసి లెడ్జర్ వైపు చూస్తాడు.

నేను అడిగినవి దాదాపు ఇవి. “బాకీ ఉన్న కొట్లు ఎన్ని?” “అందులో ఎక్కువ డబ్బు ఎన్ని కొట్ల దగ్గర ఆగింది?” “అవి ఏ బీట్లో ఉన్నాయి?” “ఎప్పటి నుంచి?” “పోయినసారి అడిగినప్పుడు అతను అన్న మాట ఏమిటి? మాటకు మాట చెప్పు.” “ఇప్పటిదాకా నువ్వు ఏం చేసి చూశావు? అప్పుడు ఏమయింది?” “ఏ కొట్లో సజావుగా వస్తోంది? అక్కడ తేడా ఏమిటి?”

లెడ్జర్ ఇద్దరి మధ్యలో పెట్టుకున్నాం. బాకీ ఉన్నవి 38 కొట్లు. వాటిలో తొమ్మిది కొట్ల దగ్గరే 1,31,000 ఆగింది. మిగతా ఇరవై తొమ్మిదింటి దగ్గర చిల్లర చిల్లరగా 55,000. ఈ లెక్క వాడు అంతకుముందు వేసుకోలేదు, నేనూ వేయలేదు. అప్పటిదాకా ఇద్దరికీ ‘బాకీ’ అనే ఒక పెద్ద మూట కనిపించింది. విప్పితే తొమ్మిది కొట్లు కనిపించాయి.

ఆ తొమ్మిదిలో ఆరు ఒకే దారిలో, మునిగుడ వైపు ఒక సంత ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి. ఆరింటి బాకీ 84,000. “ఎప్పటి నుంచి” అని అడిగితే తేదీలన్నీ ఒకే నెల వైపు వేలు చూపించాయి. “ఆ నెలలో ఏం మారింది?” అని అడిగాను. వాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. అడిగిన మరుక్షణం నాకే గుర్తొచ్చింది.

మార్చింది నేనే. అంతకుముందు వాడు ఆ దారికి గురువారం వెళ్లేవాడు. గురువారం వ్యాన్ గుణుపురం వైపు కావాల్సి వచ్చి, నేను ఆ బీట్‌ను మంగళవారానికి జరిపాను. అక్కడ సంత బుధవారం. సంతకు ముందు రోజు ఆర్డర్ తీస్తే తెల్లారేసరికి సరుకు అందుతుంది, అమ్మకం పెరుగుతుంది అని నా లెక్క. అమ్మకం నిజంగానే పెరిగింది, అందుకే నాకు అనుమానం రాలేదు. కానీ డబ్బు కొట్లోకి వచ్చేది ఎప్పుడు? నియమగిరి వైపు నుంచి పసుపు, అల్లం, అనాస పళ్లు మోసుకొచ్చినవాళ్లు వాటిని సంతలో అమ్ముకుని, ఆ డబ్బుతో సబ్బు, ఉప్పు, బిస్కెట్ కొనుక్కుని వెళ్తారు. బుధవారం సాయంత్రానికి కొట్టువాడి గల్లా నిండుతుంది. మంగళవారం నాటికి ఆ గల్లా మళ్లీ సరుకుగా మారిపోయి ఉంటుంది. డబ్బు లేని రోజున మావాడిని పంపి, డబ్బు ఎందుకు రాలేదని రెండు నెలలు నేనే చివాట్లు పెట్టాను.

“రోజు మార్చింది నేనే. ఈ సంగతి నీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“తెలుసు సార్. మీరు మార్చిన్రోజే అనుకున్నాను. సెప్తే ఏటనుకుంటారో అని...”

రియాలిటీ దశలో ఒక ప్రశ్న ఎవరూ అడగరు, బాసు మాత్రం తప్పక అడగాలి: “ఇందులో నా వల్ల అడ్డు పడుతున్నది ఏమిటి?” జవాబు వెంటనే రాదు. వచ్చినప్పుడు మనం సమర్థించుకోకుండా ‘ఔను, అది నాదే’ అని ఆగిపోవాలి. నేను అలా ఆగిన తరువాతే అసలు విషయం బయటికి వచ్చింది. మిగిలిన మూడు కొట్లలో రెండింటి దగ్గర 29,000 ఆగింది. డ్యామేజీ సరుకు, గడువు తీరిన బిస్కెట్లు వెనక్కి తీసుకుని లెక్కలో తగ్గించలేదని వాళ్లు బిల్లులు పట్టుకుని కూర్చున్నారు. కాగితాలు మా ఆఫీసులోనే రెండు నెలలుగా పడి ఉన్నాయి. మూడో కొట్టు బాకీ 18,000. దాని గురించి అడిగితే చాలాసేపు పెన్ను క్యాప్ తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి చెప్పాడు: “ఆయన నాకు మామయ్య వరస సార్. అడగలేకపోతున్నాను.”

మొదటి ఐదు నిమిషాల్లో ఈ మాట వచ్చేదే కాదు. నా తప్పు బల్ల మీదకు వచ్చాకే వాడు తన బరువు దించుకున్నాడు. ఫారంలో రియాలిటీ గడి నింపమంటే ‘మార్కెట్ డల్’ అని రాసేవాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి గోల్ మళ్లీ రాసుకున్నాం. అరవై వేలు అలాగే ఉంచాం. కానీ దాని కింద మూడు వేరు వేరు పనులు వచ్చాయి, ఎందుకంటే జబ్బులు మూడు. ఆరు కొట్లది రోజు సమస్య, రెండింటిది డ్యామేజీ సమస్య, ఒకటి మొహమాటం. అన్నింటికీ ‘గట్టిగా అడుగు’ అనే ఒకే మందు ఇచ్చాను కనకే అంతకుముందు రెండుసార్లూ పని కాలేదు.

ఆప్షన్స్ దగ్గర నాలుక కరుచుకోవాలి. దారి నాకు అప్పటికే తోచింది: బీట్ మళ్లీ గురువారానికి మార్చెయ్యడం. అది నోటిదాకా వచ్చింది కూడా. తెలుగులో మనకు ఒక చిన్న ముల్లు ఉంది, ‘కదా’. “గురువారం వెళ్లొచ్చు కదా?” అంటే చూడ్డానికి ప్రశ్నే, నిజానికి ఆర్డర్. అవతలివాడు ‘అలాగే సార్’ అంటాడు, ఆలోచన అక్కడితో సరి. మీ ప్రశ్న చివర ‘కదా’ వస్తే అది ప్రశ్న కాదని అనుకోండి.

నేను అడిగింది: “ఆ ఆరు కొట్లలో డబ్బు తేవడానికి ఏమేం చేయొచ్చు? మంచీ చెడూ తరువాత చూద్దాం, ముందు చెప్పుకుంటూ పో.” రెండు చెప్పాడు. కొత్త సరుకు ఆపేయడం, బీట్ గురువారానికి మార్చడం. రెండూ నేను వినాలనుకుంటానని వాడు అనుకున్నవే. మొదటి రెండూ సాధారణంగా అలాగే ఉంటాయి. “ఇంకా?” అన్నాను. చిన్న బిల్లులు వేయడం. “ఇంకా?” ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం. ఆ నిశ్శబ్దంలో ఏదో ఒకటి అనేసి మనిషిని గట్టెక్కించాలని బాసుకు ప్రాణం కొట్టుకుంటుంది. అననివ్వకూడదు.

“సార్, గురువారం నాది టౌన్ బీట్. దగ్గర కొట్లే, ఒంటిగంటకల్లా అయిపోతాది. మంగళవారం ఆర్డర్ అలాగే తీసి, గురువారం మద్దేనం బండి మీద వసూలుకొక్కటే పోతే?”

నాకు తోచినదానికంటే ఇది మేలు. సంత సరుకు అమ్మకం పోదు, వ్యాన్ రోజు మారదు, సంత డబ్బు ఉన్న మరునాడే మనిషి గుమ్మంలో ఉంటాడు. నేను ‘కదా’ అని ఉంటే ఇది పుట్టేది కాదు.

ఈ దశలో ఎక్కడైనా ఆగిపోతే కదిలించే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. “నీ చేతిలో పూర్తి అధికారం ఉంటే ఏం చేస్తావు?” “నీ బీట్ ఇంకొకడికి అప్పగిస్తే వాడికి ఏం చెప్పి పంపుతావు?” మామయ్య కొట్టు సంగతిలో ఈ రెండోది పని చేసింది. “వాడికైతే పాత బాకీ వారానికి కొంత కొంత తీసుకోమంటాను, కొత్త సరుకు నగదుకే ఇమ్మంటాను” అన్నాడు. తనకు చెప్పుకోలేనిది పక్కవాడికి చెప్పగలిగాడు. ఇవన్నీ అయ్యాక నా దగ్గర ఏదైనా మిగిలితే “ఒక మాట నేనూ చెప్పనా?” అని అడిగి చెప్పొచ్చు. ఆ రోజు నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

చివరిది విల్. మన దగ్గర ఎక్కువ మాటలు చచ్చిపోయేది ఇక్కడే. ‘అలాగే సార్’ అనేది మర్యాద, ఒప్పుకోలు కాదు. ‘చూస్తాను’ అంటే చేయననే, నెమ్మదిగా. అందుకే క్రియ వచ్చేదాకా, తేదీ వచ్చేదాకా అడగాలి. “ఇందులో ఏది చేస్తావు?” “మొదటిసారి ఏ తేదీన?” “ఏం అడ్డం రావచ్చు? వస్తే ఏం చేస్తావు?” “నా నుంచి ఏం కావాలి?” “చేశావని నాకు ఎలా, ఎప్పుడు తెలుస్తుంది?” చివరగా అన్నింటికంటే పనికొచ్చే ప్రశ్న: “ఇది చేసి తీరతానని నీకు పదికి ఎంత నమ్మకం?”

గురువారం వసూలుకు ఎనిమిది అన్నాడు. “పది ఎందుకు కాదు?” ఇక్కడ మాత్రం ‘ఎందుకు’ పరవాలేదు, ఎవరినీ నిలదీయడం లేదు కనక. “పెట్రోలు సార్” అన్నాడు. వారానికి రెండు వందలు ఆఫీసు ఇస్తుందని రాశాను. డ్యామేజీ కాగితాలు శనివారానికల్లా తేల్చడం నా పనిగా నా పేరు మీదే రాసుకున్నాం. మామయ్య దగ్గరకు వచ్చేసరికి మూడు అన్నాడు.

మూడు అన్నందుకు కోపం తెచ్చుకోకూడదు, ‘ధైర్యంగా వెళ్లు’ అని వీపు తట్టకూడదు. ఎనిమిది కంటే తక్కువ వస్తే మనిషిని కాదు, పనిని తగ్గించాలి. “ఏం చేస్తే ఆ మూడు పెరుగుతుంది?” అని అడిగాను. పద్దెనిమిది వేలు అడగలేనని, ఒక్క వాక్యం మాత్రం చెప్పగలనని అన్నాడు. ఆ వాక్యం ఏమిటో అక్కడే అనిపించి చూశాం: “మామయ్యా, ఈ వారం నుంచి కొత్త సరుకు నగదుకే. పాతది వారానికి రెండు వేలు తీసుకుంటాను.” రెండోసారి అన్నప్పుడు గొంతు కుదురుకుంది. ఇప్పుడెంత అంటే ఏడు అన్నాడు. ఏడు దగ్గరే వదిలేశాను.

నాలుగు వారాల తరువాత మళ్లీ అదే బల్ల, అదే లెడ్జర్. ఆరు కొట్ల బాకీ 84,000 నుంచి 21,000కు దిగింది. డ్యామేజీ కింద 6,400 తగ్గించి ఇచ్చాక ఆ రెండు కొట్లూ పూర్తిగా తీర్చేశాయి. మామయ్య మూడు వారాలు రెండేసి వేలు ఇచ్చాడు, ఒక వారం పెళ్లి అని ఎగ్గొట్టాడు, ఇంకా 12,000 ఉంది. చిల్లర బాకీల్లో పెద్ద మార్పు లేదు, 55,000 కాస్తా 41,000 అయింది. మొత్తం 74,000. అరవై వేల గీత దాటలేదు.

దాటలేదని ఇద్దరికీ తెలుసు. ఆ ఇరవై తొమ్మిది కొట్లను మేం ఒక మూటగానే వదిలేశాం, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వాడు లెడ్జర్ తన వైపు తిప్పుకుని, నేను అడగకముందే ఒక్కో కొట్టు పక్కన బీట్ రోజు, సంత రోజు రాయడం మొదలుపెట్టాడు.